గిర్ని గేటు ముందు ఆ సాయంత్రం: మూత రోజుల్లో యూనియన్ ప్రతినిధి చెప్పిన నాలుగు మాటలు

సోలాపూర్‌లో మన తరాల వాళ్లు కాలాన్ని గడియారంతో కాదు, భోంగాతో లెక్కపెట్టారు. మొదటి భోంగాకు లేవడం, రెండో భోంగాకు గేటు దాటడం. అమ్మమ్మలు అన్నం డబ్బాలు కట్టేది కూడా భోంగా చూసుకునే. ఆ కూత ఆగిపోయిన రోజుల గురించి మన ఇళ్లలో చాలా చెప్పుకున్నాం. గిర్ని ఎట్లా నడిచింది, ఎవరు ఏ ఖాతాలో పనిచేశారు, ఏ జాబర్ ఎంత కఠినుడు, ఇవన్నీ మనకు తెలుసు. గిర్ని మూతపడేటప్పుడు మనవాళ్లకు చట్టంలో ఏం రావాల్సి ఉండింది, దాన్ని ఎవరు విడమరిచి చెప్పారు అన్నది మాత్రం పెద్దగా రాసిపెట్టుకోలేదు. ఈ సంచికలో ఆ ఒక్క విషయం రాయాలనుకున్నాం.

మాకు పెదనాన్న వరుసయ్యే ఒకాయన నేత ఖాతాలో సాంచాల మీద పనిచేశాడు. 1995 వానాకాలంలో ఆయన గిర్ని మూసివేతకు నోటీసు పడింది. ఆ గిర్ని పేరు, యూనియన్ పేరు ఇక్కడ రాయడం లేదు. అప్పుడు పగటి పాళి వదిలాక గేటు బయట మీటింగు పెట్టారు. మాట్లాడిన యూనియన్ ప్రతినిధి కూడా నేతపని నుంచి వచ్చినవాడే. మరాఠీలో కొంత, తెలుగులో ఎక్కువ మాట్లాడాడు. పెదనాన్న కొడుకు అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు, తండ్రి వెంట వెళ్లి రెండు వందల పేజీల నోటుబుక్కులో ఆ మాటలు రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇంకా ఉంది. అందులో నాలుగు మాటల కింద గీతలు గీసి ఉన్నాయి. ఒక్కో మాట వెనక ఎంత చరిత్ర ఉందో తర్వాతి రోజుల్లో తెలిసింది. అందులో కొంత మన సోలాపూర్ జిల్లాలోనే జరిగిన చరిత్ర.

మొదటి మాట: "ఇది దానం కాదు, బాకీ"

ఆయన మొదలుపెట్టిన తీరు నోటుబుక్కులో ఇట్లా ఉంది: "అన్నలారా, అక్కలారా, ఒకటి ముందుగాల మనసుల పెట్టుకోండ్రి. గిర్ని మూస్తే సేట్ ఇచ్చే పైసలు దయతోని ఇచ్చేటివి కావు. అది మనకు రావాల్సిన బాకీ. బాకీ అడిగెటోడు తల వంచుకొని అడగడు."

ఈ మాట ఇప్పుడు మామూలుగా వినిపిస్తుంది. కాని 1949లో ఎవరూ ఈ మాట అనగలిగేవాళ్లు కాదు. ఆ సంవత్సరం జూలై 27న సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, అంటే మనం జూనీ మిల్లు అని పిలిచే గిర్ని, మూసేస్తున్నట్టు కార్మికులకు నోటీసు ఇచ్చింది. ఆగస్టు 27న మూసేసింది. నెల రోజుల వ్యవధి, అంతే. 1950 జనవరి 9న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గిర్నిని తన చేతిలోకి తీసుకుని డైరెక్టర్లను నియమించింది. నిర్వహణ బాగాలేక గుడ్డ ఉత్పత్తి దెబ్బతిన్నదని, జనానికి పని పోయిందని కారణం చూపింది. దాని మీద సుప్రీంకోర్టులో రెండు పెద్ద కేసులు నడిచాయి. 1950లో తీర్పు వచ్చిన చిరంజిత్‌లాల్ చౌధురి కేసు, 1953లో తీర్పు వచ్చిన ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసు. లా చదివే పిల్లలు ఈ రెండూ ఇప్పటికీ చదువుతారు. మొదటి దాంట్లో షేర్‌దారు ఓడిపోయాడు. రెండో దాంట్లో ప్రభుత్వం పరిహారం లేకుండా ఆస్తిని తీసుకుందని కోర్టు చెప్పింది.

ఆ రెండు కేసులూ వేసింది షేర్‌దార్లు. నష్టపోయామని, పరిహారం కావాలని అడిగింది వాళ్లు. సాంచా ముందు నిలబడిన మనిషికి గిర్ని మూతపడితే ఇంత ఇవ్వాలని చెప్పే సెక్షను అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేదు. ఆస్తి పోయినవాడికి కోర్టు తలుపు ఉంది, పని పోయినవాడికి లేదు.

1953లో మిల్లుల్లో గుడ్డ అమ్ముడుపోక పేరుకుపోయింది. పెద్దఎత్తున మనుషుల్ని ఇంటికి పంపుతారన్న భయం పుట్టింది. అక్టోబరు 24న ఆర్డినెన్సు వచ్చింది. లే-ఆఫ్‌కు, మనుషుల్ని తగ్గించడానికి పరిహారం అన్న లెక్క అప్పుడు చట్టంలోకి ఎక్కింది. తగ్గింపుకు ఏడాదికి పదిహేను రోజుల జీతం. మరి మొత్తం పరిశ్రమే మూతపడితే? ఆ ప్రశ్న కూడా మన జిల్లా నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది.

బార్శీ లైట్ రైల్వే మనవాళ్లలో చాలామంది ఎక్కిన బండి. మిరజ్ నుంచి పండరిపురం, కుర్డువాడి, బార్శీ మీదుగా లాతూర్ వెళ్లే సన్నపట్టాల రైలు. 1954 జనవరి 1 నుంచి దాన్ని ప్రభుత్వం తీసుకుంది. అందువల్ల కంపెనీ 1953 డిసెంబరు 31తో ఉద్యోగులందరి సర్వీసు ముగుస్తుందని నోటీసు ఇచ్చింది. ఎక్కువమందిని ప్రభుత్వం మళ్లీ తీసుకుంది. అయినా పాత కంపెనీ సర్వీసుకు పరిహారం రావాలని వాళ్లు అడిగారు. బొంబాయి హైకోర్టు అవునంది. 1956 నవంబరు 27న సుప్రీంకోర్టు కాదంది. నడుస్తున్న పరిశ్రమలో అదనంగా ఉన్న మనుషుల్ని తీసేస్తేనే అది తగ్గింపు, నిజాయితీగా మొత్తం మూసేస్తే ఆ మాట వర్తించదని తీర్పు సారాంశం.

అంటే పదిమందిని తీసేస్తే పరిహారం ఇవ్వాలి, అందరినీ తీసేస్తే అక్కర్లేదు. దీన్ని సరిచేయడానికి 1957లో పార్లమెంటు కొత్త సెక్షన్లు చేర్చింది. మూతపడ్డా, చేతులు మారినా కార్మికుడికి తగ్గింపు పరిహారం లాంటిదే ఇవ్వాలని రాసింది. ఆ చట్టాన్ని 1956 నవంబరు 28 నుంచి, అంటే తీర్పు వచ్చిన మర్నాటి నుంచి, అమల్లోకి వచ్చినట్టుగా లెక్కించారు. గేటు ముందు ఆ ప్రతినిధి 'బాకీ' అన్నది ఇందుకే. ఓడిపోయినవాళ్లు మళ్లీ అడిగితే వచ్చిన హక్కు అది.

రెండో మాట: "తాళానికి ఒక తేదీ ఉంది"

రెండోది తేదీల సంగతి. గేటు పక్క బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉండింది. చాలామంది దాన్ని గిర్ని మూసేస్తున్న ఆర్డరు అనుకున్నారు. ప్రతినిధి ఆ కాగితాన్ని చూపించి ఇట్లా అన్నాడట: "ఇది ఆర్డర్ కాదు. సర్కార్‌కు పెట్టుకున్న దరఖాస్తు నకలు. మూస్తా, పర్మిషన్ ఇయ్యుండ్రి అని అడుగుతుండు. ఇంకా ఇయ్యలే. అందాక గిర్ని నడుస్తున్నట్టే లెక్క. రేపు కూడా పాళికి రాండ్రి. రాకుంటే మనమే ఒదులుకున్నట్టు రాస్తరు."

అప్పటి చట్టం ప్రకారం వందమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీని మూయాలంటే, మూయదలచిన తేదీకి కనీసం 90 రోజుల ముందు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. కారణాలు స్పష్టంగా రాయాలి. నకలు కార్మికుల ప్రతినిధులకు ఇవ్వాలి. ప్రభుత్వం ఇద్దరి మాటా విని, కారణాలు రాసి, ఒప్పుకోవడమో కాదనడమో చేయాలి. అనుమతి లేకుండా తాళం వేస్తే ఆ మూత చెల్లదు, ఆ రోజు నుంచి జీతాలన్నీ నడుస్తూనే ఉంటాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. దరఖాస్తు పెట్టిన 60 రోజుల్లోగా ప్రభుత్వం ఏ జవాబూ తెలియజేయకపోతే, అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆఫీసులో ఫైలు కదలకపోయినా నష్టపోయేది కార్మికుడే. అందుకే ఆయన అక్కడే వేళ్లు మడిచి లెక్కపెట్టి చూపించాడు. దరఖాస్తు జూన్ 5న పెట్టారు. ఆగస్టు 4తో 60 రోజులు నిండుతాయి. సెప్టెంబరు 3తో 90. "మనకు సెప్టెంబర్ ముఖ్యం కాదు, ఆగస్టు నాలుగు ముఖ్యం. మనం చెప్పేదంతా దానికి ముందే, రాసి, ముద్ర ఏయించుకొని చెప్పాలె" అన్నాడట. నోటుబుక్కులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

ఈ అనుమతి నిబంధన కూడా ఊరికే రాలేదు. 1976లో మొదటిసారి చట్టంలో పెట్టారు. అప్పుడు 300 మంది ఉన్న ఫ్యాక్టరీలకు వర్తించేది. బొంబాయిలో రెడీమేడ్ బట్టలు కుట్టి ఎగుమతి చేసే ఎక్సెల్ వేర్ అన్న సంస్థ మూసుకుంటానంటే ప్రభుత్వం కాదంది. వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. నష్టం వచ్చినా మూయకూడదని, కారణం చెప్పకుండానే కాదనవచ్చని అంటే వ్యాపారం చేసుకునే హక్కును మించిపోయినట్టేనని 1978లో కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు పార్లమెంటు లోపాలు సవరించి 1982లో మళ్లీ రాసింది. ఇద్దరి మాటా వినాలి, కారణాలు రాయాలి, 60 రోజుల గడువు పెట్టాలి. 1984 ఆగస్టు 21 నుంచి అది అమలైంది. మూతకు కూడా హద్దు వందమందికి దిగింది. కొత్త సెక్షను కూడా చెల్లదని మళ్లీ వాదనలు నడిచాయి. చివరికి ఒరిస్సా టెక్స్‌టైల్ అండ్ స్టీల్ కేసులో 2002లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తేల్చింది. గేటు ముందు మీటింగు జరిగిన రోజుకు ఆ తీర్పు రాలేదు. అయినా ఆయన చెప్పినది సరిగ్గానే చెప్పాడు. ఆ అరవై రోజుల గడువు ఎందుకు వచ్చిందో తెలిసినవాడు కాబట్టి దాని ప్రమాదమూ చెప్పగలిగాడు.

మూడో మాట: "మస్టర్‌ల రోజులు ఎన్నో అదే మన బంగారం"

ఇక మన ఇళ్లకు బాగా తగిలిన మాట ఇది. గిర్నిలోకి మనవాళ్లలో ఎక్కువమంది బద్లీగా చేరారు. పర్మినెంటు మనిషి రాకపోతే ఆ రోజుకు ఆయన సాంచా మీద నిలబడేవాడు బద్లీ. పొద్దున గేటు దగ్గర నిలబడి, జాబర్ పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. అట్లా మూడేళ్లు, అయిదేళ్లు, కొందరు పదేళ్లు గడిపారు. పర్మినెంటు అయిన తేదీ నుంచే ఆఫీసు సర్వీసు లెక్క రాసేది. ముందటి ఏళ్లు గాలికి పోయేవి.

ప్రతినిధి చెప్పినది ఏమిటంటే, వరుసగా పన్నెండు నెలల్లో 240 రోజులు పని ఉంటే ఆ ఏడాది నిండు సర్వీసే. దాంట్లో జీతంతో కూడిన సెలవు, గిర్నిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులు, లే-ఆఫ్ రోజులు, ఆడవాళ్లకు పన్నెండు వారాల దాకా కాన్పు సెలవు కూడా కలుస్తాయి. జీతం ఇచ్చే వారపు సెలవులు, పండుగ సెలవులు కూడా లెక్కలోకి వస్తాయని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. "నేను మూడు వందల రోజులు రాలే అనుకొని ఏడాది ఒదిలిపెట్టకుండ్రి. ఆదివారాలు కలుపుండ్రి, అప్పుడు చూడుండ్రి" అన్నాడట.

గ్రాట్యుటీ విషయంలో ఈ 240 రోజుల గొడవ సోలాపూర్ కార్మికులే సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయారు. లాలప్ప లింగప్ప కేసు అంటారు దాన్ని. లక్ష్మీ విష్ణు టెక్స్‌టైల్ మిల్స్ కార్మికులది. 1981లో తీర్పు వచ్చింది. పర్మినెంటు మనిషైనా సరే, 240 రోజులు నిజంగా పనిచేయని ఏళ్లకు గ్రాట్యుటీ రాదని, బద్లీలకైతే 240 రోజులు పనిచేసిన ఏళ్లకే వస్తుందని కోర్టు చెప్పింది. పర్మినెంటు కార్మికులకు అది పెద్ద దెబ్బ. 1984లో పార్లమెంటు గ్రాట్యుటీ చట్టాన్ని మార్చింది. సెలవు పెట్టకుండా రాని రోజులున్నా, యాజమాన్యం నిబంధనల ప్రకారం సర్వీసు తెగిందని ఆర్డరు ఇచ్చి ఉంటే తప్ప, సర్వీసు సాగినట్టే లెక్కించాలని రాసింది. బద్లీకి మాత్రం ఆ 240 రోజుల లెక్కే ఆధారంగా మిగిలింది. కాబట్టి ఏ ఏడాది ఎన్ని రోజులు పని దొరికిందో చూపే కాగితం బద్లీకి ప్రాణం లాంటిది.

పెదనాన్న సంగతి తీసుకుందాం. 1969లో బద్లీగా చేరాడు, 1973లో పర్మినెంటు అయ్యాడు. ఆఫీసు ఆయన సర్వీసు 22 ఏళ్లు అని రాసింది. కాని పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. జీతం చిట్టీలు పారేయకుండా రేకుపెట్టెలో చీరల కింద పెట్టేది. మీటింగు నుంచి వచ్చిన రాత్రి పెట్టె బోర్లించి చిట్టీలు ఏరారు. 1969, 1970 చిట్టీలు కొన్నే ఉన్నాయి, రోజులు చాలలేదు. 1971, 1972 చిట్టీలు దాదాపు అన్నీ దొరికాయి. ఆ రెండేళ్లూ 240 రోజులు దాటాయి. సర్వీసు 24 ఏళ్లయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆయన జీతం, కరువు భత్యంతో కలిపి నెలకు 2,600 రూపాయలు. మూత పరిహారం నిండిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం, ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే అదీ ఒక ఏడాది. నెల జీతంలో సగం, అంటే 1,300. గ్రాట్యుటీ లెక్క వేరు. అక్కడ చట్టం నెలను 26 రోజులుగా తీసుకుంటుంది. 2,600ను 26తో భాగిస్తే రోజుకు 100, పదిహేను రోజులకు 1,500. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని మోసపోతారు. రెండూ వేర్వేరు చట్టాల కింద వేర్వేరుగా రావాలి.

22 ఏళ్లకైతే పరిహారం 28,600, గ్రాట్యుటీ 33,000, మొత్తం 61,600. 24 ఏళ్లకు పరిహారం 31,200, గ్రాట్యుటీ 36,000, మొత్తం 67,200. రేకుపెట్టెలో దొరికిన చిట్టీల విలువ 5,600 రూపాయలు. అప్పటి ఆయన రెండు నెలల జీతం కంటే ఎక్కువ. పీఎఫ్ ఇందులో కలవదు, అది ఆయన సొంత పైసలు, వేరుగా రావాలి.

నాలుగో మాట: "తెలియని కాగితం మీద సంతకం పెట్టకుండ్రి"

మీటింగు జరిగిన వారంలోనే ఆఫీసులో ఇంకో కాగితం పంచుతున్నారు. స్వచ్ఛందంగా పని మానుకుంటున్నానని, 45,000 రూపాయలు తీసుకుంటున్నానని, గ్రాట్యుటీతో సహా ఇక ఏ బాకీ లేదని అందులో ఉంది. వారంలో పైసలు చేతికి ఇస్తామన్నారు. మరాఠీలో, ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం. తెలుగు తప్ప చదవలేని వాళ్లకు అది పైసల చిట్టీ లాగే కనిపించింది.

వైండింగు ఖాతాలో పనిచేసే ఒక పెద్దమనిషి లేచి అడిగిందట: "నా బిడ్డ పెండ్లి శ్రావణంల ఉంది తమ్ముడూ. నువ్వు చెప్పే అరవై వేలు ఎప్పుడొస్తయో. ఈ నలభై అయిదు వేలు రేపొస్తయి. నేనేం చెయ్యాలె?" మీటింగంతా నిశ్శబ్దమైపోయిందట. ఆ ప్రశ్నకు తేలిక జవాబు లేదు.

ఆయన ఆమెను కసురుకోలేదు. నోటుబుక్కులో రాసినది ఇది: "అవ్వా, తీసుకోకు అని నేను చెప్పలేను. ఇల్లు నీది, బిడ్డ నీది. కాని ఆ కాగితం మీద ఏముందో తెలిసి తీసుకో. నేనే మానేస్తున్న అని రాసిచ్చినంక, గిర్ని మూసినందుకు పరిహారం అడిగే బలం పోతది. నీ సర్వీస్ ఎన్నేండ్లో లెక్క చేసుకో. తక్కువ సర్వీస్ ఉన్నోళ్లకు నలభై అయిదు వేలు నష్టం కాకపోవచ్చు. ఇరవై నాలుగేండ్లు చేసినోనికి మాత్రం ఇరవై రెండు వేలు పోతయి. గ్రాట్యుటీ మాట వేరే. అది చట్టం ఇచ్చింది, ఒప్పందంతోని పోదు. సంతకం పెట్టినా దాని కోసం అర్జీ పెట్టొచ్చు."

ఈ తేడా ఇప్పటికీ చాలామందికి తెలియదు. గ్రాట్యుటీ చట్టం తనకు విరుద్ధంగా ఉన్న ఏ ఒప్పందాన్నయినా పక్కన పెడుతుంది. మూత పరిహారం అట్లా కాదు. తనంతట తాను పని వదిలినవాడికి మూత పరిహారం మీద వాదన చాలా బలహీనపడుతుంది. అందుకే యాజమాన్యాలు మూతకు ముందే స్వచ్ఛంద విరమణ కాగితాలు పంచుతాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. కాగితంలో 'మూత' అన్న మాట లేకుండా 'నా ఇష్టంతో', 'నా సొంత కారణాల వల్ల' అని ఉంటే, మొత్తాన్ని ముక్కలుగా చూపకుండా ఒక్క అంకెగా రాస్తే, అక్కడ ఆగి లెక్క అడగాలి.

చివర ఇంకొకాయన అడిగాడట, గిర్ని అమ్ముడుపోతే బ్యాంకే అంతా ఎత్తుకుపోతుంది కదా అని. దానికీ జవాబు ఉండింది. కంపెనీని మూసి ఆస్తులు అమ్మే పరిస్థితి వస్తే, కార్మికుల బాకీ, తాకట్టు పెట్టుకున్న బ్యాంకు బాకీ ఒకే వరుసలో నిలబడతాయని 1985లో కంపెనీల చట్టానికి సెక్షను చేర్చారు. అంతకుముందు తాకట్టు ఉన్నవాడు ముందు తీసుకునేవాడు. "వరుస ఒకటే, కాని కుండల ఉన్నంతే వస్తది. సాంచాలు ఇనుము ధరకు పోతే బ్యాంకుకూ తగ్గుతది, మనకూ తగ్గుతది. ఎన్నేండ్లు పడ్తదో నేను చెప్పలేను" అన్నాడట. ఆశ పెట్టకుండా చెప్పిన మాట అది.

తర్వాత ఏమైంది

ఆగస్టు 4కు ముందే యూనియన్ తన అభ్యంతరాలు రాసి ఇచ్చింది. ప్రభుత్వం రెండు వైపులా వింది. గడువులోపలే, మూతకు అనుమతి ఇస్తూ ఆర్డరు వచ్చింది. గిర్ని ఆగలేదని కాదు, ఆగింది. సెప్టెంబరులో భోంగా ఆఖరుసారి మోగింది. ఆ నాలుగు మాటలు గిర్నిని నిలబెట్టలేదు. గిర్ని పోయాక ఎవరి చేతిలో ఏం మిగిలిందన్నది మాత్రం ఆ మాటల మీద ఆధారపడింది.

గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలని చట్టం. ఇవ్వలేదు. పెదనాన్న గ్రాట్యుటీ అధికారి దగ్గర అర్జీ పెట్టాడు. 1971, 1972 చిట్టీలు అక్కడ చూపించాడు. ఏడాదిన్నర తర్వాత 36,000 వడ్డీతో వచ్చింది. మూత పరిహారం కోసం లేబర్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. చేతికి రావాల్సిన మొత్తం ఎంతో తేల్చమని అక్కడ అర్జీ పెట్టొచ్చు. దానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది, కాని 24 ఏళ్ల లెక్కమీదే వచ్చింది. ఆ వైండింగు అవ్వ కాగితం మీద సంతకం పెట్టింది. శ్రావణంలో బిడ్డ పెళ్లి చేసింది. ఆమె తప్పు చేసిందని మా ఇళ్లలో ఎవరూ అనలేదు. తర్వాత గ్రాట్యుటీ లెక్క మళ్లీ అడగవచ్చని తెలిసినా ఆమె వెళ్లలేదు.

పెదనాన్న ఆ డబ్బుతో రెండు పాత సాంచాలు కొన్నాడు. ఇంటి వెనక షెడ్డులో తువ్వాళ్లు నేశాడు. సోలాపూర్‌లో, భివండిలో, మాలేగావ్‌లో మనవాళ్లు అట్లా గిర్ని నుంచి పవర్‌లూమ్ షెడ్డుకు మారారు. ఆ దారిలో ఒక సంగతి జారిపోయింది. వందమంది గిర్నికి ఉన్న అనుమతి నిబంధన పదిహేనుమంది షెడ్డుకు లేదు. యాభైమంది లోపు ఉంటే అరవై రోజుల మూత నోటీసు కూడా అక్కర్లేదు. ఒకే యజమాని షెడ్డును మూడు పేర్ల మీద విడగొట్టడం మనం చూసిందే.

అయినా చిన్న షెడ్డులో పనిచేసేవాడికి ఏమీ లేదనుకోవడం తప్పు. 1957లో వచ్చిన మూత పరిహారానికి మనుషుల సంఖ్య హద్దు లేదు. ఏడాది నిండు సర్వీసు ఉంటే చాలు. తన చేతిలో లేని కారణాల వల్ల మూశానంటే యజమాని మూడు నెలల జీతానికి మించకుండా ఇవ్వవచ్చు. కాని నష్టం వచ్చింది, సరుకు అమ్ముడుపోలేదు, కిరాయి గడువు ముగిసింది అన్నవి అట్లాంటి కారణాల కిందికి రావని చట్టమే చెప్పింది. పదిమంది ఉంటే గ్రాట్యుటీ వర్తిస్తుంది. ఇక్కడ లేనిది హక్కు కాదు, కాగితం. షెడ్డులో మస్టరు ఉండదు, చిట్టీ ఉండదు, పైసలు శనివారం చేతిలో పెడతారు. 240 రోజులు పనిచేశానని చూపడానికి ఏమీ మిగలదు.

పాత చట్టం స్థానంలో 2020లో పారిశ్రామిక సంబంధాల కోడ్ చేశారు. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. మూతకు అనుమతి అవసరమయ్యే హద్దు వంద నుంచి మళ్లీ 300కు పెరిగింది. అంటే పెదనాన్న గిర్ని కంటే చిన్నవి చాలా ఇప్పుడు అనుమతి అడగకుండానే మూయవచ్చు, అరవై రోజుల నోటీసు ఇస్తే చాలు. ఏడాదికి పదిహేను రోజుల లెక్క మాత్రం అట్లాగే ఉంది. అనుమతి రక్షణ తగ్గిన చోట సర్వీసు లెక్క ఇంకా ముఖ్యమవుతుంది.

కాబట్టి ఈ సంచిక చదివే మన ఇళ్లలో షెడ్డుకో, గార్మెంటు ఫ్యాక్టరీకో పనికి వెళ్లే పిల్లలకు ఒక పని చెబుతున్నాం. జీతం బ్యాంకు ఖాతాలో పడేటట్టు అడగండి. చేతికే ఇస్తే ఒక నోటుబుక్కు పెట్టుకుని, తేదీ, పని, పైసలు రాసి, వారానికి ఒకసారి మేస్త్రీతో సంతకం చేయించుకోండి. ఇన్సూరెన్సు కార్డు, పీఎఫ్ నెంబరు, సరుకు రాసుకునే చీటీ, ఏది దొరికితే అది దాచండి. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ రేకుపెట్టె ఇప్పటికీ పెదనాన్న కొడుకు ఇంట్లోనే ఉంది, పైన ఆ నోటుబుక్కు, కింద 1971 చిట్టీలు.